ఒకటి డాట్ జేపీజీ

సాయిశంకర్‌కి చేత్తో చేసే పనంటే మహా చిన్నచూపు. యూనివర్సిటీ భూగోళశాస్త్రం డిపార్ట్‌మెంటులో ఆరేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్నాడు. చేస్తున్నాడని మర్యాదకి అంటున్నాను గానీ, ఆ ఆరేళ్ళలో సగం మిగతావాళ్ళ పని చూసి నవ్వడానికే సరిపోయింది. ఆఫీసు గుమాస్తా వేలు తడిచేసుకుని కాగితాలు లెక్కపెడితే నవ్వేవాడు. లైబ్రేరియన్ రిజిస్టర్లో గీతలు కొడితే నవ్వేవాడు. తను మాత్రం పావుగంటలో తెమిలే పనికి రెండు గంటలు కూర్చుని కంప్యూటర్‌కి ఆజ్ఞల స్క్రిప్టు రాసి, అది మూడు సెకన్లలో నడిచిందని చంకలు గుద్దుకునేవాడు. ఆ రెండు గంటలూ ఎవరి ఖాతాలో పోయాయో ఎప్పుడూ చెప్పలేదు.

అదే ల్యాబులో దేవి అని మూడేళ్ళ జూనియర్ ఒకమ్మాయి ఉండేది. భీమిలిలో చేపల వేటకెళ్ళే వాళ్ళ కుటుంబం. ఆ పిల్ల కంప్యూటర్లో ఫైళ్ళకి తెలుగులో పేర్లు పెట్టేది. 'పడవ 1', 'వల 1', అలా. ఒక సంగతి మీద ఎన్ని ఫొటోలుంటే అన్ని అంకెలు. సాయిశంకర్‌కి ఆ పేర్లు చూస్తే ఒళ్ళు మండేది.

"ఏటి దేవీ ఇది? కిరాణా కొట్టు పద్దు పుస్తకవేటి? ఇంగ్లీషులో పెట్టలేవా?"

"సూడగానే ఏటో తెలిసిపోతాది కదా, అన్నా" అనేది దేవి. అంతకంటే వాదించేది కాదు. వాదించడానికి ఆ పిల్లకి పని ఉండేది.

ఇంత గొప్పవాడి థీసిస్ దేని గురించయ్యా అంటే, చేతిపనికే పరాకాష్ఠ లాంటిదాని గురించి. భీమిలి జాలర్లు ఏ యంత్రమూ లేకుండా నడిసముద్రంలో తామెక్కడున్నారో ఎలా తెలుసుకుంటారన్నది అతని విషయం. ఒడ్డు మీదున్న కొండల్నీ గుళ్ళనీ చూసి గుర్తులు పెట్టుకుంటారు. రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి వరసలోకి వస్తే అదొక గీత. ఇంకో దిక్కున ఇంకో రెండు కలిస్తే అది రెండో గీత. ఆ రెండు గీతలూ కోసుకున్నచోట పడవ ఉందన్నమాట. నీళ్ళ కింద చేపలు కాపరముండే రాళ్ళ దిబ్బలన్నిటికీ ఇలాంటి లెక్కలున్నాయి. ఇప్పటి కుర్రాళ్ళ పడవల్లో జీపీఎస్ ఉంటుంది. అందుకని ఈ గుర్తులు తలలో ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు.

అలాంటివాళ్ళలో సూరన్న ఒకడు. డెబ్భై నాలుగేళ్ళు. దేవికి వరసకి తాత. గుర్తులు బయటివాళ్ళకి చెప్పే అలవాటు వాళ్ళలో లేదు. చెబితే ఆ రాయి మీదికి పదిమంది వలలేసుకుని పోతారు. రెండేళ్ళు తిరిగినా సాయిశంకర్‌కి టీ పోశాడు గానీ సంగతి చెప్పలేదు. చివరికి దేవి అడిగింది. ఆ పిల్ల అడిగాక, ఇప్పుడు ఎవరూ పోని పాత రాయి ఒకటుందని, దాని గుర్తులు గీసి చూపిస్తానని ఒప్పుకున్నాడు.

సాయిశంకర్ కాగితం, స్కెచ్ పెన్నూ తీశాడు. సూరన్న వాటికేసి చూసి, "కాయితం మీద కొండ లెగదు బాబూ" అన్నాడు. నీళ్ళు వెనక్కి పోయిన వేళ చూసి తడి ఇసుకలోకి దిగాడు. చేతుల్తో ఇసుక పోగుచేసి పావురాళ్ళకొండ చేశాడు. శంఖం ఒకటి నిలబెట్టి లైట్‌హౌసు అన్నాడు. దూరంగా దక్షిణాన ఇంకో రెండు కుప్పలు పోసి, ముందుది ఋషికొండ, దాని వెనకనించి కైలాసగిరి ముక్కు ఎంత పొడుచుకు రావాలో వేలితో కొలిచి చూపించాడు. తెడ్డు ఈడ్చి రెండు పొడుగాటి గీతలు లాగి, అవి కలిసినచోట నల్లరాయి ఒకటి పెట్టాడు. గంట పట్టింది. ఇంకో గంటకి సముద్రం వచ్చి కొండల్నీ గీతల్నీ పట్టుకుపోయింది.

ఆ మధ్యలో సాయిశంకర్ తన ఫోన్లో ఫొటో తీశాడు. బొమ్మ మొత్తం పడేలా గట్టుమీంచి ఒక్కటే ఒకటి. ఆ తర్వాత ఒక సెల్ఫీ కూడా తీసుకున్నాడు. సెల్ఫీ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. బొమ్మ పెట్టలేదు, బొమ్మలో అతను లేడు కదా.

దేవి ఆ ఫొటోల్ని అంతకుముందు తీసినవాటితో కలిపి ల్యాబు కంప్యూటర్లోకి ఎక్కించి పేర్లు పెట్టింది. 'పడవ 1', 'వల 1', 'సూరన్న గుర్తులు 1', 'సెల్ఫీ 1'. సాయిశంకర్ ఫోన్లో జాగా లేదని, సినిమాలు పట్టాలని అసలు ఫొటోలు చెరిపేశాడు. మీ ఖాతా నిండిపోయింది, ఫొటోలు దాచలేకపోతున్నాం అని గూగుల్ ఏడాది నించీ మొత్తుకుంటున్నా పట్టించుకోలేదు. అంటే సూరన్న గీసిన గుర్తులకి లోకం మొత్తం మీద ఉన్న సాక్ష్యం ఆ ఒక్క ఫైలు. నాలుగో అధ్యాయానికి ప్రాణం అదే. అది లేకపోతే ఆ అధ్యాయంలో ఉన్నది సాయిశంకర్ మాటలు మాత్రమే, వాటి విలువ గైడు కుసుమకుమారి మేడమ్‌కి బాగా తెలుసు.

నెలాఖరుకి థీసిస్ ఇవ్వాలి. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. మూడోసారి పెంచరు. ముప్ఫయ్యో తారీకు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ళూ గంగలో కలిసినట్టే. ఆ నెల ఇరవయ్యో తారీకున అతను థీసిస్‌ని లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేరుస్తున్నాడు. బొమ్మల పేర్లలో ఖాళీలున్నా, తెలుగు అక్షరాలున్నా అది మొరాయిస్తోంది. ఫోల్డర్లో అరవై రెండు బొమ్మలు. యాభై ఎనిమిదికి ఇంగ్లీషు పేర్లే, ఖాళీలు తీసేస్తే చాలు. మిగతా నాలుగూ దేవివి. చేత్తో మార్చుకుంటూ పోతే పావుగంట పని. కానీ చేత్తో చేస్తే సాయిశంకర్ ఎలా అవుతాడు?

పొద్దున గోపాలపట్నంలో ఇంట్లో ఇడ్లీ తింటూ ఈ స్క్రిప్టు గొప్ప తండ్రి దగ్గర చెప్పుకున్నాడు. తండ్రి సన్యాసిరాజు స్టీల్ ప్లాంటులో క్రేను నడిపే మనిషి. ముప్ఫై ఏళ్ళుగా స్విచ్చి ముట్టుకునే ముందు 'ఎవరూ నడపొద్దు' అన్న ఎర్ర కార్డు తగిలించి, తాళం వేసి, రెండోసారి చూసుకునే రకం.

"ముందు ఓ కాపీ మీద ఆడించి సూత్తావా?" అన్నాడు.

"నాన్నా, ఇది క్రేను కాదు."

"సరే, నీ ఇష్టం" అని ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. చెప్పినా వినే ఘటం కాదని ఇరవయ్యెనిమిదేళ్ళ అనుభవం.

ల్యాబులో స్క్రిప్టు రాశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, పది లైన్లు. ఫోల్డర్లో ఒక్కో ఫైలు పేరూ తీసుకో. చుక్క వెనకున్న జేపీజీ లాంటి తోక అలాగే ఉంచు. చుక్క ముందున్న దాంట్లో ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ తప్ప మిగిలినవన్నీ చెత్త, తీసి పారెయ్. మిగిలిందే కొత్త పేరు. ఇదీ దాని సారాంశం. 'షోర్‌లైన్ మ్యాప్ 4' లో ఖాళీలు పోయి ఒకే ముక్క అయింది. బాగానే ఉంది. మరి 'పడవ 1' సంగతి? తెలుగు మొత్తం చెత్త కిందే జమ. మిగిలింది 'ఒకటి'. 'వల 1'? అదీ ఒకటే. 'సూరన్న గుర్తులు 1'? అదీ ఒకటే. 'సెల్ఫీ 1'? వేరే చెప్పాలా. నాలుగు మొహాలకీ ఒకటే పేరు, ఒకటి డాట్ జేపీజీ. తెలుగులో పేరు పెట్టడం నామోషీ అనుకున్నవాడు ఆ తెలుగు తీసేస్తే వెనక ఏం మిగులుతుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

స్క్రిప్టు నడిపాడు. యాభై ఎనిమిదీ మారాయి. 'పడవ 1' కూడా మారింది. 'వల 1' దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఎర్ర అక్షరాలు. ఆ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, కాబట్టి మార్చను పొమ్మంది.

దయచేసి గమనించండి. విండోస్‌లో, అతను స్క్రిప్టు రాసిన పైథాన్ భాషలో, రీనేమ్ అనే ఆజ్ఞకి ఈపాటి బుద్ధి ఉంది. ఉన్న ఫైలు మీద ఇంకోదాన్ని ఎక్కించదు. ఆగి, మనిషిని పిలుస్తుంది. ఆ ఎర్ర అక్షరాలు చదివి, ఏ పేరు, ఎందుకుంది అని ఫోల్డర్ తెరిచి చూసుంటే కథ అక్కడే ముగిసిపోయేది. మూడు ఫైళ్ళూ చెక్కుచెదరకుండా పక్కనే ఉన్నాయి. కానీ సాయిశంకర్‌కి తనని ఎవరైనా ఆపితే నచ్చదు, యంత్రమైనా సరే. ఎర్రర్ ముక్కని కాపీ చేసి నెట్‌లో వెతికాడు. 'రీనేమ్ బదులు రీప్లేస్ వాడండి, ఈ ఎర్రర్ రాదు' అని ఎవరో పుణ్యాత్ముడు రాశాడు. నిజమే, రాదు. రీప్లేస్ ఉన్నదాన్ని తుడిచేసి ఆ చోట కొత్తది కూచోబెడుతుంది, కిక్కురుమనదు. ఒక్క మాట మార్చి మళ్ళీ నడిపాడు. ఎర్రర్ రాలేదు.

వల వచ్చి పడవ మీద కూచుంది. సూరన్న గుర్తులు వచ్చి వల మీద కూచున్నాయి. కంప్యూటర్ పేర్లని అక్షరక్రమంలో అందిస్తుంది, సూరన్న తర్వాత సెల్ఫీ. ఆఖర్న సాయిశంకర్ సెల్ఫీ వచ్చి సూరన్న గుర్తుల మీద కూచుంది. తుడిచిపెట్టిన ఫైళ్ళు రీసైకిల్ బిన్‌లోకి కూడా పోవు. అందులోకి పోయేవి మనిషి చేత్తో డిలీట్ చేసినవి, స్క్రిప్టు మింగినవి కావు. అరవై రెండు ఉండాల్సినచోట యాభై తొమ్మిది మిగిలాయి. లెక్కపెట్టడం గుమాస్తాల పని కాబట్టి లెక్కపెట్టలేదు.

"మూడు సెకన్లు" అన్నాడు దేవి వైపు తిరిగి. "నీ చేత్తో అయితే మజ్జానం దాకా."

ఇంతటితో ఆగితే ఇంకా దారి ఉంది. వారం వారం ఫోల్డర్ మొత్తం ఎక్కించి ఉంచమని మేడమ్ ఒక హార్డ్ డిస్కు ఇచ్చింది. అందులో పాత పేర్లతో అన్నీ భద్రంగా ఉన్నాయి. కొత్త పేర్ల ముచ్చట తీరక సాయిశంకర్ అప్పటికప్పుడు ఆ డిస్కు పెట్టి బ్యాకప్ కొట్టాడు. అతను పెట్టుకున్న పద్ధతి అద్దం పద్ధతి. ఇక్కడ ఏముందో అక్కడా అదే ఉండాలి, ఇక్కడ లేనిది అక్కడా ఉండకూడదు. పాత పేర్లు ఇక్కడ లేవు కదా, అందుకని డిస్కు మీద వాటిని బుద్ధిగా చెరిపేసి కొత్తవి రాసింది. ఇంటికి కన్నం తనే వేసి, పక్కింటి తాళం చెవి కూడా దొంగకిచ్చాడు.

మర్నాడు పదిన్నరకి నాలుగో అధ్యాయం పేర్చాడు. 'భీమిలి జాలరి సూరన్న ఇసుకలో గీసిన గుర్తులు' అన్న మాటల పైన, నల్లద్దాలు పెట్టుకుని, రెండు వేళ్ళెత్తి, పళ్ళన్నీ చూపిస్తూ సాయిశంకర్ ప్రత్యక్షమయ్యాడు. భుజాల వెనక ఒక గీత కొస కనిపిస్తోంది. కొండా, లైట్‌హౌసూ, నల్లరాయీ అతని తలకాయ వెనకెక్కడో ఉన్నాయి.

చేతులు కాలాక ఆకుల కోసం పరిగెత్తాడు. పోయిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేర్ దించి కంప్యూటర్ మీద నడిపాడు. అందులోది కొత్తరకం డిస్కు, ఖాళీ అయిన చోటుని తనే ఊడ్చుకుని శుభ్రంగా ఉంచుకుంటుంది. పేరు దొరికింది, లోపల సున్నాలు. మేడమ్ ఇచ్చిన పాతరకం డిస్కు మీద కొంచెం ఆశ కలిగింది. ఫైలు తెరుచుకుంది. పైన ఒక చారెడు నురగ, సూరన్న పాదాలు రెండు, అక్కడినించి కిందికంతా బూడిదరంగు. మిగతా చోటు మీద కొత్త పేర్ల మ్యాపులు ఎక్కేశాయి.

ఇక్కడ నాకు సాయిశంకర్ మీద జాలి పడాలని ఉంది. ఫైలు పోవడం ఎవరికైనా జరుగుతుంది. కానీ పడనివ్వడే! ద్వారకా నగర్ కాంప్లెక్సులో భీమిలి బస్సెక్కి, గంట ప్రయాణం చేసి, సూరన్న ముందు నిలబడి 'తాతా, నా తప్పు, పోయింది, మళ్ళీ గీస్తావా' అంటే చాలు. తొమ్మిది రోజులున్నాయి. ఆ ముక్క అనడానికి అతనికి నోరు రాలేదు. దేవికి తెలుస్తుంది, చేత్తో పేర్లు పెట్టే దేవి ముందు తల వంచాలి. అంతకంటే ఇంకేదైనా చెయ్యడం నయమనుకున్నాడు.

చేశాడు. మర్నాడు సాయంత్రం ఆర్కే బీచ్‌లో, పిల్లలు మొక్కజొన్న పొత్తులు తింటున్న చోటికి కొంచెం ఎడంగా, తనే ఇసుక కుప్పలు పోశాడు. గవ్వ పెట్టాడు. రెండు గీతలు గీశాడు. గీతలు కలిశాయని గుర్తుంది, ఏ కొండకి ఏ పక్క లైట్‌హౌసు ఉండాలో గుర్తులేదు. గట్టు మీద నిలబడి సముద్రంకేసి చూసి, ఇలాగే అయ్యుంటుందిలే అనుకుని పెట్టేశాడు. ఫొటో తీసి థీసిస్‌లో అతికించాడు. ఎవడికి తెలుస్తుంది, పరీక్షకులకి కొండేమిటి, గవ్వేమిటి అని ధైర్యం.

ఇరవై ఆరున థీసిస్ ఇచ్చేముందు జరిగే సెమినార్. కుసుమకుమారి మేడమ్ ఒక మంచిపని చేసింది, సూరన్నని పిలిపించింది. మీ పేరు మీద ఒక అధ్యాయం ఉంది, వచ్చి చూడాలి అని. సూరన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, దేవి పక్కన మొదటి వరసలో కూచున్నాడు. అతన్ని చూడగానే సాయిశంకర్ కాగితాలు మళ్ళీ మొదటినించి సర్దుకున్నాడు. అయినా మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో గడగడా చదువుకుంటూ ఆ బొమ్మ దగ్గర ఆగకుండా దాటెయ్యబోయాడు.

"ఆ బొమ్మ ఉంచు" అంది మేడమ్. "సూరన్న గారూ, ఇది మీరు గీసిందే. చూసుకోండి."

సూరన్న లేచి తెర దగ్గరికి నడిచాడు. కొంచెంసేపు చూశాడు.

"ఇది నాను గీసింది కాదమ్మా."

సాయిశంకర్ "ఫొటోలో కొంచెం వేరేగా కనిపిస్తుంది తాతా" అన్నాడు.

"ఏరేగా కాదు బాబూ, తిరగబడింది. నాను గీసీటప్పుడు సంద్రంలో ఉన్నట్టు నిలబడి గీత్తాను. పడవలోంచి ఒడ్డుకేసి సూత్తే పావురాళ్ళకొండ కుడిసేతి పక్కన ఉంటాది, లైటౌసు దాని ఎడం బుజానికి ఆనాల. ఇక్కడ గీతలు కలిసినకాడ్నించి సూత్తే కుడి బుజానికి ఆనింది. ఇది గట్టుమీద నిలబడినోడు గీసింది." చెయ్యి దించాడు. "దీన్ని నమ్ముకుని ఎవుడైనా ఎల్తే రాయి దొరకదు సరిగదా, వల సిరిగిపోద్ది."

ఆ హాల్లో నలుగురు డాక్టరేట్లున్నారు. ఆ బొమ్మని చదవగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు, అతనికి సంతకం కూడా రాదు.

మేడమ్ గొంతు పెంచలేదు. "అసలు ఫైలు తెరువు" అంది. సాయిశంకర్ కదల్లేదు. దేవి వెళ్ళి ఫోల్డర్ తెరిచింది. తను పెట్టిన పేర్ల కోసం వెతికింది, ఒక్కటీ లేదు. చిట్టచివరికి ఒకటి డాట్ జేపీజీ కనపడితే దాన్ని నొక్కింది. తెర నిండా నల్లద్దాలు, రెండు వేళ్ళు, పళ్ళు. వెనక వరసలో ఎవరో పకపకా నవ్వారు. నవ్వడం తనొక్కడికే వచ్చని సాయిశంకర్ అనుకున్నాడేమో, కాదని తేలింది.

అప్పుడు చెప్పాడు. రీనేమ్, రీప్లేస్, అద్దం బ్యాకప్, ఆర్కే బీచ్, అన్నీ. స్క్రిప్టు గురించి చెప్పేటప్పుడు కూడా 'విండోస్ ప్రాబ్లమ్' అని ఒక ముక్క ఇరికించడం మాత్రం మానలేదు.

సూరన్నకి అందులో సగం అర్థం కాలేదు. అర్థమైన సగానికి అతను ఆశ్చర్యపోయాడు. "పోతే పోయిందని సెప్పీసి ఉంటే మల్లీ గీసీవోడ్ని కదేటి? ఆ రోజు గీసింది మాత్తరం నిల్సిందా? గంటలో సంద్రం సెరిపీసింది. సెరిగిపోడం ఓ వింతేటి?"

సాయిశంకర్ తిట్టు కోసం సిద్ధపడి ఉన్నాడు. దీనికి సిద్ధంగా లేడు. సిగ్గుతో మొహం కాలిపోయింది, ఆరేళ్ళలో అదే మొదటిసారి.

"ఫైలు పోవడం పొరపాటు, క్షమిస్తాను" అంది మేడమ్. "దొంగబొమ్మ పెట్టడం పొరపాటు కాదు. ఈ థీసిస్ మీద నేను సంతకం పెట్టను." ముప్ఫయ్యో తారీకు వచ్చింది, పోయింది. రిజిస్ట్రేషన్ రద్దయింది. మళ్ళీ మొదటినించి దరఖాస్తు చేసుకోవాలంటే సూరన్నని స్వయంగా అడిగి, ఆ గుర్తుల్ని నిజంగా మళ్ళీ గీయించుకుని రావాలంది మేడమ్. ఇంట్లో సన్యాసిరాజు తన డ్యూటీ బ్యాగులోంచి పాత ఎర్ర కార్డొకటి తీసి కొడుకు కంప్యూటర్ పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

వారం తర్వాత భీమిలి ఒడ్డున, నీళ్ళు వెనక్కి పోయిన వేళ, సూరన్న మళ్ళీ తడి ఇసుకలోకి దిగాడు. సముద్రానికి వీపు పెట్టి నిలబడి కొండ చేశాడు, శంఖం నిలబెట్టాడు, తెడ్డుతో గీతలు లాగాడు. సాయిశంకర్ చెప్పులు చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఫోను దేవి చేతిలో ఉంది. ఆ పిల్ల సముద్రం పక్కనుంచొకటి, గట్టు మీంచొకటి తీసి, తీసినవాటిని అక్కడికక్కడే తన మెయిల్‌కీ, మేడమ్‌కీ పంపించేసింది. తర్వాత మొత్తం పడేలా ఇంకోటి తియ్యబోయి ఫోను దించింది.

"అన్నా, ఓ పక్కకి జరుగు. గుర్తుల మీద నీ నీడ పడతంది."

జరిగాడు.